గట్టు మీదే తేలిపోయే లెక్క

కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువుల గట్ల మీదికి వేసవిలో సూర్యోదయానికి ముందు వెళ్తే తరచూ ఒక దృశ్యం కనిపిస్తుంది. బొచ్చెలు, శీలావతులు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తుంటాయి. రైతుకు అది చూడగానే అర్థమైపోతుంది. "డీవో పడిపోయింది" అంటూ ఏరేటర్ స్విచ్ దగ్గరికి పరుగెత్తుతాడు. డీవో అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. చేప మొప్పలకు అందేది అదే.

అదే రైతు ఆ నీటిని ఓ ఖాళీ వాటర్ బాటిల్లో పట్టి విజయవాడలోని ల్యాబ్‌కు పంపాడనుకుందాం. బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. తొమ్మిదింటికి పరీక్ష చేస్తే లీటరుకు అయిదు మిల్లీగ్రాముల పైనే ఆక్సిజన్ ఉందని వస్తుంది. ఆ లెక్కన చేపలు హాయిగా తిరుగుతూ ఉండాలి. మరోసారి బాటిల్‌ను అంచు దాకా నింపి గట్టిగా మూత బిగించి పంపితే ఒక మిల్లీగ్రాము కూడా లేదంటారు. ల్యాబ్ వాళ్ల పనిలో లోపం లేదు, రైతు మాటా అబద్ధం కాదు. ల్యాబ్‌కు చేరిన నీరు మాత్రం తెల్లవారుజామున చెరువులో ఉన్న నీరు కాదు.

దారిలో బాటిల్లో ఏం జరుగుతుంది?

ఉప్పును గానీ సున్నాన్ని గానీ కొలవాలంటే నీటిని రేపు పరీక్షించినా పెద్ద తేడా రాదు. ఆక్సిజన్ అలా కాదు. అది వాయువు కాబట్టి గాలి తగిలితే లోపలికి వస్తుంది, వేడెక్కితే బయటికి పోతుంది. ముప్ఫై డిగ్రీల వేడి ఉన్న మంచినీటిలో, గాలితో సమతూకంలో ఉన్నప్పుడు, లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే నిలుస్తుంది. ఇరవై డిగ్రీల దగ్గర అది తొమ్మిది దాటుతుంది. చెరువు నీటిలో రెండు మిల్లీగ్రాములే ఉండి, బాటిల్ సగం ఖాళీగా ఉంటే, బస్సు కుదుపులకు ఆ నీరు పైనున్న గాలిని తాగుతూనే ఉంటుంది. మొదటి రిపోర్టులో కనిపించిన అయిదు అలా వచ్చిందే.

రెండో రిపోర్టుకు కారణం ప్రాణం. చేపల చెరువు నీరంటే ఆకుపచ్చ ప్లాంక్టన్, బ్యాక్టీరియా, మేత తుక్కు కలిసిన పులుసు. చీకట్లో అవన్నీ ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. గంటకు అర మిల్లీగ్రాము ఖర్చయినా మూడు గంటల్లో ఒకటిన్నర పోతుంది. రెండుతో బయల్దేరితే అరతో చేరుతుంది. అదే బాటిల్‌ను డ్రైవర్ పక్కన ఎండ పడేచోట పెడితే కథ తిరగబడుతుంది. ప్లాంక్టన్ వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టి ఆక్సిజన్ పుట్టిస్తుంది. మధ్యాహ్నం తీసిన నీటికి ఇంకో బెడద ఉంది. సాయంత్రం నాలుగింటికి ఇలాంటి చెరువు పైపొరలో ఆక్సిజన్ సమతూకపు హద్దును బాగా దాటి ఉంటుంది. కుదుపులకు ఆ అదనం బుడగలై లేచిపోతుంది.

అందుకే ఈ పరీక్షలో అసలు పని ల్యాబ్‌లో జరగదు, చెరువు గట్టు మీదే జరుగుతుంది. నీటిలోని ఆక్సిజన్‌ను అక్కడికక్కడే, ఇక పెరగని, తరగని రూపంలో బంధించాలి. ఆ ఉపాయాన్ని 1888లో బుడాపెస్ట్‌లో లాయోష్ వింక్లర్ అనే హంగరీ రసాయన శాస్త్రవేత్త ప్రచురించాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ నీటి పరీక్షల కోసం ఇచ్చిన ఐఎస్ 3025 వరుసలో 38వ భాగం కరిగిన ఆక్సిజన్‌దే. ఈ పద్ధతి అందులోనూ ఉంది.

గట్టు మీద చేసే పని

దీనికి వాడే సీసా ప్రత్యేకమైనది. మూడువందల మిల్లీలీటర్లు పడుతుంది. గాజు బిరడా అడుగు ఏటవాలుగా ఉంటుంది. దాన్ని దించితే బుడగ ఎక్కడా ఇరుక్కోకుండా పక్కకు జారి బయటికి పోతుంది. బకెట్‌తో తోడి సీసాలోకి ఒంపడం పెద్ద తప్పు, ఎందుకంటే ఒంపిన ప్రతిసారీ గాలి కలుస్తుంది. రబ్బరు గొట్టం కొసను సీసా అడుగు దాకా దించి, నెమ్మదిగా నింపి, రెండు మూడు సీసాల నీరు పొర్లిపోయేదాకా వదలాలి. మొదట గాలి తగిలిన నీరంతా అలా బయటికి పోతుంది.

ఆ తర్వాత రెండు పిపెట్లు. మొదటిదానితో ఒక మిల్లీలీటరు మాంగనీస్ సల్ఫేట్, రెండోదానితో ఒక మిల్లీలీటరు ఆల్కలీ అయొడైడ్ అజైడ్. పిపెట్ కొసను నీటి మట్టానికి కొంచెం కింద ఉంచి వదిలితే, చిక్కటి ఈ ద్రావణాలు నీటికంటే బరువు కాబట్టి నేరుగా అడుగుకు దిగుతాయి. మూత పెట్టగానే పైనుంచి కొంత నీరు పొంగిపోతుంది. పొంగింది పైపొర నీరే తప్ప మందు కాదు. ఒకదానికి వాడిన పిపెట్‌ను రెండోదానిలో ముంచకూడదు. ముంచితే మందు సీసాలోనే మడ్డి కడుతుంది.

మూత పట్టుకుని సీసాను తలకిందులు చేస్తూ కలిపినప్పుడు కనిపించేది ఈ పరీక్షలో నాకు ఎప్పుడూ విసుగెత్తని భాగం. మొదట తెల్లటి పొగలా మాంగనీస్ హైడ్రాక్సైడ్ పుడుతుంది. ఆల్కలీలో ఉన్న ఆ మాంగనీస్‌కు ఆక్సిజన్ అంటే విపరీతమైన ఆబ. నీటిలో దొరికిన ప్రతి ఆక్సిజన్ అణువునూ లాక్కుని గోధుమరంగుకు తిరుగుతుంది. ఆక్సిజన్ బాగా ఉంటే బెల్లపు పాకం రంగు, తక్కువుంటే లేత మీగడ రంగు. అసలే లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. డ్రెయిన్ నీటిలోనో, చెరువు అడుగున నల్లమట్టికి ఆనుకుని ఉన్న నీటిలోనో ఈ తెల్లదనం చూడొచ్చు. ల్యాబ్ దాకా వెళ్లకుండానే సగం సమాధానం చేతిలో ఉన్నట్టే.

మడ్డి సగం దాకా దిగాక మరోసారి తిప్పాలి. నీటిలో ఏ మూలా ఆక్సిజన్ మిగలకుండా చూడటానికే ఈ రెండో తిప్పుడు. మచిలీపట్నం, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల్లోని ఉప్పునీటిలో మడ్డి త్వరగా దిగదు. అక్కడ కనీసం రెండు నిమిషాలు ఆగాలి. తొందరపడితే లెక్క తక్కువ వస్తుంది.

ఈ దశకు వచ్చాక సీసాలో కరిగిన ఆక్సిజన్ ఉండదు. ఉన్నదంతా మడ్డిలో చిక్కుకుంది. అందులోని జీవులకు ఊపిరి పీల్చడానికి ఆక్సిజన్ దొరకదు, ఆ ఘాటైన ఆల్కలీలో బతకడమూ కష్టమే. సీసా మెడ చుట్టూ ఉన్న గిన్నెలాంటి అంచులో కాస్త నీరు పోసి ఉంచితే అది బయటి గాలికి అడ్డుకట్ట. చీకట్లో, చల్లగా ఉంచి, ఎనిమిది గంటల్లోపు పరీక్ష ముగించడం మంచి అలవాటు. కైకలూరు నుంచి విజయవాడకు ఇక తొందర లేదు.

> అజైడ్ ఎందుకు?
> చేపల విసర్జనతో నిండిన చెరువులో, మురుగు కలిసిన కాలువలో నైట్రైట్ ఉంటుంది. ఆమ్లం పడ్డాక అది ఆక్సిజన్ పని తాను చేస్తుంది, అంటే అయొడైడ్ నుంచి అయోడిన్‌ను విడిపిస్తుంది. పైగా ఆ క్రమంలో తాను పూర్తిగా ఖర్చు కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో మళ్లీ పుట్టి అదే పని తిరిగి చేస్తుంది. 1925లో ఆల్‌స్టర్‌బర్గ్ సూచించినట్టు సోడియం అజైడ్ కలిపితే, ఆమ్లం పడగానే అది నైట్రైట్‌ను ముందే నాశనం చేస్తుంది. అయితే అజైడ్ విషం. ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది. సీసం, రాగి పైపుల్లోకి ఒంపేస్తే క్రమంగా పేలుడు స్వభావమున్న లవణాలు పేరుకుంటాయి. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకూడదు.

ఆక్సిజన్‌కు బదులు అయోడిన్

ల్యాబ్‌లో మూత తీసి, ఒక మిల్లీలీటరు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సీసా మెడ వెంట జారవిడుస్తారు. ఈసారీ మూత పెట్టగానే కొంత నీరు పొంగుతుంది. మడ్డి అడుగున ఉండి, పొంగేది పైని తేట నీరు కాబట్టి పట్టిన ఆక్సిజన్ ఏమీ పోదు. కలిపితే మడ్డి కరిగిపోయి, నీరంతా పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఏదో ఒక రంగుకు మారుతుంది. ఆ రంగు అయోడిన్‌ది.

ఇక్కడే వింక్లర్ తెలివంతా ఉంది. ఆల్కలీలో మాంగనీస్ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, పక్కనే ఉన్న అయొడైడ్‌ను ముట్టదు. ఆమ్లంలోకి రాగానే స్వభావం మారుతుంది. పట్టుకున్నదాని బాకీని అయొడైడ్ మీద తీర్చుకుని దాన్ని అయోడిన్‌గా మారుస్తుంది, తాను పాత రూపానికి వచ్చేస్తుంది. ఆమ్లంలో ఉన్న ఆ పాత మాంగనీస్‌కు గాలిలోని ఆక్సిజన్ మీద ఇక ఆసక్తి లేదు. అందుకే ఇప్పటి నుంచి మూత తెరిచి, ఫ్లాస్కులో పోసి, తాపీగా పని చేసుకోవచ్చు. అలాగని మరీ తాపీ పనికిరాదు. అయోడిన్ ఆవిరవుతుంది, వెలుతురు తగిలితే ఆమ్లంలోని అయొడైడ్ తనంతట తానే కొద్దికొద్దిగా అయోడిన్‌గా మారుతుంది.

దుర్గగుడి చెప్పుల స్టాండ్‌లో ఇచ్చిన టోకెన్లు లెక్కపెడితే కొండెక్కిన వాళ్లెందరో తెలిసినట్టు, ఇక్కడ ఒక్కో ఆక్సిజన్ అణువుకు సరిగ్గా రెండు అయోడిన్ అణువులు మిగులుతాయి. పట్టు చిక్కని వాయువును వదిలేసి, రంగున్న అయోడిన్‌ను లెక్కపెడితే చాలు. లెక్కపెట్టే పని థయోసల్ఫేట్‌ది. ఒక్కో అయోడిన్ అణువును మాయం చేయడానికి రెండు థయోసల్ఫేట్లు పడతాయి, అంటే ఒక్కో ఆక్సిజన్‌కు నాలుగు.

గంజి ఎప్పుడు వేయాలి?

బ్యూరెట్‌లోంచి థయోసల్ఫేట్ చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఫ్లాస్కులో రంగు తగ్గుతూ వస్తుంది. గోధుమ, పసుపు, లేత పసుపు. ఆ లేత పసుపు ఎక్కడ పూర్తిగా పోయిందో కంటితో పట్టడం కష్టం. ట్యూబ్‌లైటు కింద ఒకలా, కిటికీ దగ్గర ఇంకోలా కనిపిస్తుంది. బ్యూరెట్ నుంచి పడే ఒక్క చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు. రెండు మూడు చుక్కల తడబాటే తక్కువ ఆక్సిజన్ ఉన్న నీటి విషయంలో పెద్ద తేడా తెస్తుంది.

గంజి దీనికి విరుగుడు. స్కూల్లో అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లబడటం అందరూ చూసిందే. పిండిపదార్థంలో అమైలోజ్ అనే పొడవాటి గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. అయోడిన్, అయొడైడ్ కలిసి ఆ స్ప్రింగు గొట్టంలోకి వరుసగా దూరి నిలబడితే ముదురు నీలం పుడుతుంది. అయోడిన్ జాడ ఎంత తక్కువైనా ఈ నీలం కనిపిస్తుంది. అది పోయినప్పుడు మాత్రం ఒక్క చుక్కలో పోతుంది.

కొత్తవాళ్లు మొదటే గంజి వేసేస్తారు, నీలం బాగా కనబడుతుంది కదా అని. అప్పుడు ఫ్లాస్కులో అయోడిన్ మెండుగా ఉండి స్ప్రింగుల్లో కిక్కిరిసిపోతుంది. అలా ఇరుక్కున్నది త్వరగా బయటికి రాదు. థయోసల్ఫేట్ బయట ఉన్న అయోడిన్‌ను తీసేశాక కూడా లోపలిది నెమ్మదిగా వస్తుంటుంది. నీలం పోకుండా సాగదీస్తుంది, చేయి తొందరపడి హద్దు దాటేస్తుంది. అందుకే నీరు ఎండు వరిగడ్డి రంగుకు, అంటే చాలా లేత పసుపుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు కొంచెం గంజి ద్రావణం వేస్తారు. ఫ్లాస్కు ఒక్కసారిగా నీలమవుతుంది. అక్కడి నుంచి ఒక్కో చుక్క వేసి కలుపుతూ, నీలం మొదటిసారి మాయమైన చోట ఆపాలి.

మొదటిసారి అన్నది ముఖ్యం. ఫ్లాస్కును బల్ల మీద పెట్టి రీడింగ్ రాసుకునేలోగా నీలం మళ్లీ తిరిగి రావచ్చు. ఓ ఇరవై ముప్ఫై సెకన్ల తర్వాత లేతగా వస్తే దాన్ని పట్టించుకోరు. రీడింగ్ మొదటిదే. వెంటనే, గట్టిగా తిరిగి వస్తే అది నైట్రైట్ చేస్తున్న అల్లరి కావచ్చు, అంటే అజైడ్ పాతబడిందో, సరిపోలేదో. ఇంకో గుర్తు కూడా ఉంది. గంజి వేయగానే నీలానికి బదులు ఎర్రటి ఊదా రంగు వస్తే గంజి చెడిపోయిందని అర్థం. గంజి నీటిని ఇష్టపడేది మనం ఒక్కరమే కాదు. బ్యాక్టీరియా ఆ పొడవాటి గొలుసులను ముక్కలు చేసేస్తుంది, పొట్టి ముక్కల్లో నీలం పుట్టదు. అలా పాడవకుండా ల్యాబ్‌లలో చిటికెడు సాలిసిలిక్ ఆమ్లం కలిపి ఉంచుతారు. లేదంటే ఆ పూటకు ఆ పూట కాచుకుంటారు. వేడి గంజిని వేడి మీదే వాడకూడదు, ఎందుకంటే వేడిలో నీలం పలచబడుతుంది.

ఒక సీసా, రెండు సీసాలు

ఇప్పుడు మొదటి చిక్కుకు తిరిగొద్దాం. అదే చెరువులో తెల్లవారుజామున అయిదింటికి ఒక సీసా, సాయంత్రం నాలుగింటికి ఒక సీసా తీసి, రెంటినీ గట్టు మీదే బంధించామనుకుందాం. ల్యాబ్‌లో ఆమ్లం కలిపాక ఒక్కోదాని నుంచి 201 మిల్లీలీటర్లు కొలిచి ఫ్లాస్కులో పోస్తారు. రెండువందలకు ఆ ఒక్కటి ఎందుకంటే, గట్టు మీద వేసిన రెండు మిల్లీలీటర్ల మందులు సీసాలోంచి రెండు మిల్లీలీటర్ల చెరువు నీటిని బయటికి నెట్టాయి. 201 తీసుకుంటే అందులో అసలు చెరువు నీరు రెండువందలు ఉంటుంది. థయోసల్ఫేట్ బలం 0.025 నార్మల్ ఉంటే, ఈ కొలత మీద బ్యూరెట్‌లో దిగిన ఒక్కో మిల్లీలీటరు లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌తో సమానం. గుణకారాలు లేవు, బ్యూరెట్ చెప్పిందే జవాబు.

తెల్లవారుజాము సీసాలో ఆమ్లం వేయగానే వచ్చే రంగే లేత పసుపు. దాదాపు మొదటే గంజి వేయాల్సి వస్తుంది. 2.1 మిల్లీలీటర్ల దగ్గర నీలం పోయిందనుకుంటే చెరువులో 2.1 మిల్లీగ్రాములు. సాయంత్రపు సీసాలో నీరు ముదురు గోధుమరంగు. పన్నెండు దాటాక గంజి, పదమూడు దగ్గర ముగింపు. సమతూకపు హద్దు 7.5 అన్న సంగతి గుర్తుంటే, పగలు ప్లాంక్టన్ ఎంత పుట్టించిందో, రాత్రి ఆ నీటిలోని ప్రాణులన్నీ కలిసి ఎంత ఖర్చు చేశాయో ఈ రెండు అంకెల మధ్య కనిపిస్తుంది. చేపల మనుగడకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస హద్దు నాలుగు. మధ్యాహ్నం పరీక్ష చేయించి, రిపోర్టు బాగుందని ఏరేటర్ ఆపేసిన రైతు ఎక్కడ దెబ్బతింటాడో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. రోజంతా మబ్బు పట్టిన రోజైతే సాయంత్రపు అంకె అంత ఎత్తుకు పోదు, మర్నాటి తెల్లవారుజాము ఇంకా దిగువన ఉంటుంది.

ఎక్కడ బోల్తా కొడుతుంది?

థయోసల్ఫేట్ నిలవ ఉండే సరుకు కాదు. బ్యాక్టీరియా దాని బలం తగ్గిస్తుంది. 0.025 ఉండాల్సింది 0.023కు జారిందనుకోండి. 2.1 మిల్లీగ్రాములున్న నీటికి 2.3 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది, అంటే చెరువు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ప్రమాదకరమైన వైపు తప్పు ఇది. అందుకే బలం తెలిసిన పొటాషియం డైక్రోమేట్‌తో దాన్ని మళ్లీమళ్లీ సరిచూసుకోవాలి. ఆ పని చేయని ల్యాబ్ రిపోర్టులో దశాంశాలు ఎన్ని వేసినా లాభం లేదు.

ఇంకో హద్దు ఈ పద్ధతి స్వభావంలోనే ఉంది. చెరువు అడుగున కుళ్లిన నల్లమట్టి నుంచి వచ్చే సల్ఫైడ్, కొన్ని బోరు నీళ్లలోని ఫెర్రస్ ఇనుము చివరికి పుట్టే అయోడిన్‌ను తగ్గిస్తాయి. ఆక్సిజన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తున్న నీటిలో సున్నా వస్తే దాన్ని అప్పటికప్పుడు నమ్మకూడదు. ఫెర్రిక్ ఇనుము దీనికి ఉల్టా, అది అయోడిన్‌ను విడిపిస్తుంది. కొద్దిగా పొటాషియం ఫ్లోరైడ్ వేస్తే అది ఇనుమును పట్టి ఉంచుతుంది. ఇలాంటి నీటికి ఇప్పటి ఆక్సిజన్ మీటర్లే నయం. అయితే ఆ మీటరు నిజం చెబుతోందా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు, సముద్రాల మీద పరిశోధన చేసేవాళ్లు సహా, సరిచూసుకునేది ఇప్పటికీ వింక్లర్ సీసాతోనే.

కాలువ నీటికి ఇదే సీసా

ప్రకాశం బ్యారేజీ నుంచి విజయవాడ మధ్యగా పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో మురుగు ఎంత కలుస్తోందో తెలుసుకోవడానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒకేచోట రెండు సీసాలు నింపుతారు. ఒకదాన్ని వెంటనే బంధించి పైన చెప్పినట్టు లెక్కిస్తారు. రెండోదాన్ని ఏ మందూ వేయకుండా, చీకట్లో, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. చల్లటి దేశాల్లో ఇరవై డిగ్రీల దగ్గర అయిదు రోజులు ఉంచితే, మన వాతావరణానికి ఈ మూడు రోజుల పద్ధతి. బస్సులో వెళ్లిన బాటిల్‌ను పాడుచేసిన ఆ ఊపిరినే ఇక్కడ కావాలని సాగనిస్తారన్నమాట. మూడో రోజు దాన్నీ బంధించి లెక్కిస్తే, మొదటిది 6.8, రెండోది 4.2 వచ్చిందనుకుంటే, తేడా 2.6. నీటిలోని మురుగును తినడానికి సూక్ష్మజీవులు ఖర్చు చేసిన ఆక్సిజన్ అది. స్నానానికైనా, శుద్ధి చేసి తాగడానికైనా తీసుకునే నీటికి ఈ తేడా మూడు మించకూడదు.

మురుగు మరీ ఎక్కువైతే మూడు రోజుల లోపే సీసాలో ఆక్సిజన్ అంతా అయిపోతుంది. మడ్డి తెల్లగా వస్తుంది, తేడా ఎంతో తెలియదు. అందుకని అలాంటి నీటిని ముందే గాలి నింపిన డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి, మూడో రోజు చివరికి కనీసం ఒక మిల్లీగ్రామైనా మిగిలేలా, కనీసం రెండైనా ఖర్చయ్యేలా చూసుకుంటారు. ఎంత పలచన చేయాలో ముందుగా తెలియదు కాబట్టి ఒకే నీటిని మూడు నాలుగు పాళ్లలో కలిపి సీసాలు పెడతారు. వాటిలో ఈ రెండు షరతులూ నిలిచిన సీసాలో వచ్చిన తేడాను, పలచన చేసినన్ని రెట్లు పెంచి రిపోర్టులో రాస్తారు.